అరెస్టు పత్రంలో వేళ: స్త్రీల నిర్బంధం గురించి చట్టం చెప్పేది

మన కళాశాలలో ఉర్దూ మాధ్యమంలో చదివేవారు గిరఫ్తారీ అంటారు, తెలుగు మాధ్యమంలో చదివేవారు నిర్బంధం అంటారు, వీధిలో అందరూ అరెస్టు అనే అంటారు. ఠాణా, వకీలు, జామీను, దస్తఖతు, పంచనామా అనే మాటలు రెండు భాషల వారికీ ఉమ్మడి ఆస్తి. మాటలు ఇంత పరిచితమైనవే అయినా వాటి వెనుక ఉన్న చట్టం మాత్రం మనలో చాలమందికి అపరిచితం. ఆ చట్టమంతటినీ ఒక వ్యాసంలో చెప్పబూనడం సాహసమే అవుతుంది. అందుచేత ఒక్క విషయాన్ని మాత్రమే తీసుకొంటున్నాను. ఒక స్త్రీని అరెస్టు చేసినప్పుడు పోలీసులు వ్రాయవలసిన పత్రంలో 'వేళ' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో వ్రాసే రెండు మూడు అంకెల మీద ఆమెకు చట్టం ఇచ్చిన రక్షణలో అధిక భాగం ఆధారపడి ఉన్నది. అది ఎట్లాగో, ఆ అంకెలు నిజమో అబద్ధమో ఎట్లా తెలుస్తుందో పరిశీలిద్దాం.

ముందుగా ఈ పత్రం ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవాలి. 1986లో పశ్చిమ బెంగాలుకు చెందిన ఒక న్యాయసహాయ సంస్థ అధ్యక్షుడు డి.కె. బసు, పోలీసు లాకప్పులలో మరణాలను గురించి పత్రికలలో వచ్చిన వార్తలను జతపరచి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ వ్రాశారు. న్యాయస్థానం ఆ లేఖనే పిటిషనుగా స్వీకరించింది. పదేళ్ళ తరువాత, 1996 డిసెంబరు 18న, తీర్పు వెలువడింది. అరెస్టు సమయంలో పోలీసులు పాటించవలసిన పదకొండు నియమాలను ఆ తీర్పు నిర్దేశించింది. వాటిలో ఒకటి అరెస్టు పత్రం. అరెస్టు చేసే సమయంలోనే దానిని తయారు చేయాలి. అరెస్టు చేసిన తేదీ, వేళ అందులో ఉండాలి. కనీసం ఒక సాక్షి సంతకం చేయాలి. ఆ సాక్షి అరెస్టయిన వ్యక్తి కుటుంబ సభ్యుడు కావచ్చు, లేదా అరెస్టు జరిగిన ప్రాంతంలోని గౌరవనీయుడైన వ్యక్తి కావచ్చు. అరెస్టయిన వ్యక్తి కూడ దాని మీద సంతకం చేయాలి.

ఈ నియమం చాలకాలం తీర్పుగానే ఉండి, 2008 నాటి సవరణ ద్వారా క్రిమినల్ ప్రొసీజరు కోడులో 41-బి సెక్షనుగా చేరింది. 2024 జూలై 1 నుండి ఆ కోడు స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. అందులో ఇది 36వ సెక్షను. అంకె మారినా సారం మారలేదు. అరెస్టు చేసే అధికారి తన పేరు సులభంగా, స్పష్టంగా కనిపించే విధంగా ధరించాలి. పత్రం మీద కుటుంబ సభ్యుని సంతకం లేకపోతే, తన అరెస్టు విషయాన్ని తాను చెప్పిన బంధువుకో, స్నేహితునికో, మరే వ్యక్తికో తెలియజేయించుకొనే హక్కు అరెస్టయిన వ్యక్తికి ఉన్నదని ఆ అధికారి చెప్పాలి.

అరెస్టు చేయడానికి కారణాలు చెప్పడం అనేది దీనికంటె పాత నియమం. అది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నది. కాని ఎట్లా చెప్పాలన్న విషయంలో ఇటీవలి వరకు వాదోపవాదాలు నడిచాయి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కారణాలను వ్రాతపూర్వకంగా, అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని తేల్చింది. వెంటనే వ్రాసి ఇవ్వడం సాధ్యం కాని సందర్భంలో నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచడానికి కనీసం రెండు గంటల ముందైనా వ్రాతప్రతి ఇవ్వాలన్నది. మన పాఠకులకు ఈ 'అర్థమయ్యే భాష' అన్న మాట ముఖ్యం. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, వీధిలో తెలుగు అర్థం చేసుకొంటూ, ఏ లిపీ చదవలేని స్త్రీలు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. అట్టి స్త్రీ చేతికి తెలుగు కాగితం ఇచ్చి, వ్రేలిముద్ర వేయించుకొని, కారణాలు తెలియజేశామనడం ఆ తీర్పు ఉద్దేశానికి సరిపోదు.

ఇక స్త్రీలకు ప్రత్యేకమైన నియమాల విషయానికి వస్తాను. వీటిలో ఒకటి మిక్కిలి ప్రాచీనం. స్త్రీ ఒంటిమీద సోదా చేయవలసి వస్తే మరొక స్త్రీయే చేయాలని, మర్యాదను ఖచ్చితంగా పాటించాలని 1898 నాటి బ్రిటిషు కోడులోనే ఉన్నది. ఆ మాటలే నేటి సంహితలోను 49వ సెక్షనులో కొనసాగుతున్నాయి. బురఖా గురించి, ముసుగు గురించి ఈ నియమాలు విడిగా చెప్పవు. ఆ సందర్భంలో ఆశ్రయించవలసింది ఈ మర్యాదా నియమాన్నే.

రెండవది తాకడానికి సంబంధించినది. స్త్రీని అరెస్టు చేస్తున్నట్లు నోటితో చెప్పగానే, పరిస్థితులు అందుకు విరుద్ధంగా లేనంతవరకు, ఆమె లొంగిపోయినట్లే భావించాలి. అరెస్టు చేసే అధికారి స్త్రీ అయితే తప్ప, లేక పరిస్థితులు తప్పనిసరి చేస్తే తప్ప, ఆమె ఒంటిమీద చేయి వేయరాదు. ఇక్కడ ఒక భ్రమను తొలగించాలి. పగటివేళ పురుష అధికారి స్త్రీని అరెస్టు చేయనే కూడదని చట్టం అనలేదు. నోటిమాటతో చేయవచ్చు, చేయి పట్టి లాగరాదు, అంతే. మహిళా పోలీసు వెంట లేకుండా అరెస్టు చెల్లదని మన బస్తీలలో తరచు వినిపించే మాట సగమే నిజం.

మూడవది, మన విషయానికి ఆయువుపట్టు వంటిది, సూర్యాస్తమయ నియమం. అసాధారణ పరిస్థితులలో తప్ప ఏ స్త్రీనీ సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయరాదు. అట్టి అసాధారణ పరిస్థితి ఏర్పడితే మహిళా పోలీసు అధికారి వ్రాతపూర్వకమైన నివేదిక సమర్పించి, నేరం జరిగిన ప్రాంతం మీద గాని, అరెస్టు జరగవలసిన ప్రాంతం మీద గాని అధికారం గల మొదటి తరగతి మేజిస్ట్రేటు అనుమతిని ముందుగా పొందాలి. సంహితలో ఇది 43వ సెక్షను ఐదవ ఉపసెక్షను.

ఈ నియమం ఒక్కసారిగా వచ్చింది కాదు. మహిళా కానిస్టేబులు లేకుండా స్త్రీని నిర్బంధించరాదని, రాత్రివేళ ఎట్టి పరిస్థితిలోను నిర్బంధించరాదని బొంబాయి హైకోర్టు ఒక కేసులో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2003లో దానిని సడలించింది. మహిళా కానిస్టేబులు ఉండేటట్లు ప్రయత్నం చేయాలని, అయితే ఆమె లభ్యం కాక, ఆలస్యంవల్ల దర్యాప్తు దెబ్బతినే పక్షంలో, కారణాలు వ్రాసిపెట్టి అరెస్టు చేయవచ్చునని చెప్పింది. అంటే నిర్ణయం పోలీసు అధికారి చేతిలోనే ఉండిపోయింది. 2005లో పార్లమెంటు చేసిన సవరణ ఆ నిర్ణయాన్ని ఠాణా నుండి తప్పించి మేజిస్ట్రేటు చేతిలో పెట్టింది. నా దృష్టిలో ఈ నియమంలోని అసలు బలం రాత్రి అనే మాటలో లేదు, 'ముందుగా' అనే మాటలో ఉన్నది. అరెస్టు చేసి తెచ్చిన తరువాత కారణం వ్రాసుకొనే వీలును అది మూసివేసింది.

రాత్రివేళకు ఇంత ప్రాముఖ్యం ఎందుకని ఒక విద్యార్థి అడిగాడు. ఆ ప్రశ్నకు హైదరాబాదు చరిత్రలోనే సమాధానం ఉన్నది. 1978 మార్చి నెలాఖరులో రాత్రి సినిమా చూసి ఇంటికి నడిచివస్తున్న దంపతులలో భార్యను నల్లకుంట ఠాణాకు తీసుకొనిపోయారు. ఆమె మీద అత్యాచారం జరిగింది. భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘం పోలీసులను దోషులుగా నిర్ధారించింది. కాని రాయచూరుకు బదిలీ అయిన కేసులో 1981లో నిందితులందరూ విడుదలయ్యారు. ఆ దంపతులు దారినపోయే సామాన్యులు. ఆ రాత్రి ఆమెను ఏ వేళకు, ఏ కారణంతో, ఎవరి ఎదుట తీసుకొనిపోయారో అక్కడికక్కడే నమోదు చేసి బయటివారి సంతకం తీసుకోవాలన్న నియమం ఆనాడు లేదు.

ఇప్పుడు ఆ నియమం ఉన్నది. మరి ఎట్లా తప్పించుకొంటారు? ఇందుకు ఒక కల్పిత ఉదాహరణ తీసుకొందాం. ఇందులోని వ్యక్తులు ఎవరూ నిజమైనవారు కారు, జరిగే తీరు మాత్రం నిజమైనదే.

తెలంగాణాలో ఒక చిన్న పట్టణం. డిసెంబరు ఇరవయ్యవ తేదీ. ఆ రోజులలో ఇక్కడ సూర్యుడు సాయంత్రం ఆరు కావడానికి పది నిమిషాల ముందే అస్తమిస్తాడు, ఉదయం ఆరూ నలభై ప్రాంతంలో ఉదయిస్తాడు. నలభై ఏళ్ళ ఒక స్త్రీ కుట్టుపని చేస్తూ ఇరుగుపొరుగు వారితో చీటీ నడిపింది. చీటీ పాడినవారిలో ఇద్దరికి డబ్బు ముట్టలేదు, వారు మోసం చేసిందని ఫిర్యాదు చేశారు. సాయంత్రం ఆరున్నరకు జీపు వచ్చింది. ఎస్.ఐ. పురుషుడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక మహిళా కానిస్టేబులు వెంట ఉన్నారు. "విచారణ కోసమమ్మా, మాట్లాడి పంపించేస్తాం" అన్నారు. భర్త, "లేడీ కానిస్టేబులమ్మ వచ్చింది కదా, రూలు ప్రకారమే ఉంటుంది లే" అనుకొన్నాడు. ఆమె ఆ రాత్రి తిరిగి రాలేదు. మరునాడు ఆమె సంతకం తీసుకొన్న అరెస్టు పత్రంలో, "21వ తేదీ, ఉదయం 7 గంటల 10 నిమిషాలు, బస్టాండు వద్ద" అని ఉన్నది. సాక్షిగా ఠాణా ఎదుట టీ దుకాణం నడిపే వ్యక్తి సంతకం. తొమ్మిదిన్నరకు ఏరియా ఆసుపత్రికి, సాయంత్రం నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ఎదుటకు తీసుకొని వెళ్ళారు.

మొదట, మాట్లాడి పంపడానికి పిలిచామన్న వాదన చూద్దాం. దర్యాప్తు కోసం ఒక వ్యక్తిని పిలిపించే అధికారం పోలీసులకు ఉన్నది గాని, స్త్రీని ఆమె నివసించే చోటుకు తప్ప మరెక్కడికీ రమ్మనరాదని చట్టమే అంటున్నది. పాత కోడులో 160వ సెక్షను, ఇప్పుడు 179వ సెక్షను. ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథిని ఠాణాకు పిలిపించినప్పుడు, అది ఈ నియమానికి విరుద్ధమని 1978లోనే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. నిందితులకు నోటీసు ఇచ్చి హాజరు కమ్మనే పద్ధతి వేరే ఉన్నది. అది కాగితం మీద వ్రాసి, తేదీ, స్థలం చెప్పి ఇచ్చే నోటీసు. చీకటి పడిన తరువాత జీపులో ఎక్కించుకొని పోవడం ఆ నోటీసు కాదు.

రెండవది, అరెస్టు ఎప్పుడు జరిగింది? కాగితం మీద వ్రాసినప్పుడు జరిగిందా, ఆమె వెళ్ళిపోవాలనుకొన్నా వెళ్ళలేని స్థితి ఏర్పడినప్పుడు జరిగిందా? న్యాయస్థానాలు చూసేది రెండవదానినే. జీపులో కూర్చోబెట్టి, రాత్రంతా ఠాణాలో ఉంచి, ఇంటికి పోనీయకపోతే ఆమె ఆరున్నర నుండే నిర్బంధంలో ఉన్నట్లు. ఇక్కడ గమనింపదగిన ఒక విశేషం ఉన్నది. అరెస్టయిన వ్యక్తిని ఇరవై నాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట ఉంచాలన్న నియమాన్ని వారు ఉల్లంఘించలేదు. ముందురోజు ఆరున్నర నుండి లెక్కించినా, సాయంత్రం నాలుగు గంటలు ఆ గడువులోపలిదే. అయితే పత్రంలో వేళ ఎందుకు మార్చారు? గడువు కోసం కాదు, సూర్యాస్తమయం కోసం. పురుషుడి విషయంలో వేళ మారితే సాధారణంగా ఇరవై నాలుగు గంటల గడువును అనుమానిస్తాం. స్త్రీ విషయంలో సూర్యోదయం దాటిన కొద్ది నిమిషాలకే అరెస్టు జరిగినట్లు పత్రంలో కనిపిస్తే ఆ వేళనే ముందుగా అనుమానించాలి. తెల్లవారి ఏడూ పదికి బస్టాండు దగ్గర దొరికే చీటీల వ్యాపారులు లోకంలో మరీ అంత ఎక్కువమంది ఉండరు.

మూడవది, మహిళా కానిస్టేబులు ఉన్నది కదా అన్న భర్త ఊరట. చాలమంది చదువుకొన్నవారు కూడ ఇక్కడే పొరపడతారు. మహిళా పోలీసు పక్కన ఉండడం, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండడం రెండు వేర్వేరు విషయాలు. మొదటిది రెండవదానికి బదులు కాదు. 2018లో ముంబైలో ఒక పెద్ద బ్యాంకు మోసం కేసులో కేంద్ర దర్యాప్తు సంస్థ ఒక మహిళా ఉద్యోగిని రాత్రి ఎనిమిది గంటలకు అరెస్టు చేసింది. మహిళా అధికారి సమక్షంలోనే చేశామని ఆ సంస్థ వాదించింది. బొంబాయి హైకోర్టు ఆ వాదనను అంగీకరించక, ఆ అరెస్టు చట్టవిరుద్ధమని ప్రకటించి, యాభై వేల రూపాయలు ఖర్చుల కింద చెల్లించమన్నది.

అయితే అన్ని హైకోర్టులూ ఒకే మాట అనడం లేదు. 2025 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు, ఈ నియమం మార్గదర్శకమే గాని అనుల్లంఘనీయం కాదని, దానిని పాటించనంత మాత్రాన అరెస్టు దానంతట అదే చెల్లకపోదని అభిప్రాయపడింది. పాటించలేకపోయిన అధికారి మాత్రం కారణం చెప్పి తీరాలన్నది. ఆ తీర్పు హేతువు అర్థం కానిది కాదు. కళ్ళ ఎదుట హత్య జరిగిన రాత్రి మేజిస్ట్రేటు కోసం వెతుకుతూ కూర్చుంటే జరిగే నష్టాన్ని అది ఆలోచించింది. అయినా మన ఉదాహరణలోని చీటీల తగాదాకు ఆ హేతువు వర్తించదు. కుట్టుమిషను పెట్టుకొని ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి రాత్రికి రాత్రి పారిపోతుందన్న అసాధారణ పరిస్థితి అక్కడ లేదు. కారణం చెప్పమంటే చెప్పడానికి ఏమీ లేకపోవడంవల్లనే వేళ మార్చవలసి వచ్చింది.

ఇక వైద్యపరీక్ష. దీనిని గురించి విద్యార్థులలో ఒక గందరగోళం ఉన్నది. చట్టంలో అరెస్టయినవారి వైద్యపరీక్షలు రెండు రకాలు. ఒకటి, నేరానికి సాక్ష్యం దొరుకుతుందని భావించి పోలీసులు కోరగా చేసేది, 51వ సెక్షను కింద. రెండవది, అరెస్టయిన వ్యక్తి రక్షణ కోసం చేసేది, 53వ సెక్షను కింద. మనకు కావలసింది ఈ రెండవది. పూర్వం ఇది అరెస్టయిన వ్యక్తి అడిగితేనే జరిగేది. అట్టి హక్కు ఉన్నదని ఆ వ్యక్తికి చెప్పాలని, పోలీసులు హింసించారా అని అడగాలని 1983లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు మేజిస్ట్రేట్లను ఆదేశించింది. లాకప్పులో స్త్రీలను విడిగా, మహిళా కానిస్టేబుళ్ళ కాపలాలో ఉంచాలని చెప్పిన తీర్పు కూడ అదే. 2008 సవరణ తరువాత ఈ పరీక్ష అడిగినా అడగకపోయినా జరగవలసినదైంది. అరెస్టయిన వెంటనే ప్రభుత్వ వైద్యాధికారి పరీక్షించాలి. ఆయన లేకుంటే రిజిస్టరయిన వైద్యుడెవరైనా చేయవచ్చు. స్త్రీ అయితే మహిళా వైద్యాధికారి గాని, ఆమె పర్యవేక్షణలో గాని జరగాలి. మహిళా వైద్యాధికారి లేకపోతే రిజిస్టరయిన మహిళా వైద్యురాలు ఉండాలి.

ఆ వైద్యురాలు వ్రాయవలసింది కేవలం గాయాలను గురించి కాదు. గాయాలు, దెబ్బల గుర్తులతో పాటు అవి సుమారు ఏ వేళకు తగిలి ఉంటాయో కూడ వ్రాయాలి. అంటే అరెస్టు పత్రానికి ఎదురుగా మరొక గడియారం నిలబడుతుంది. ఆ నివేదిక ప్రతిని అరెస్టయిన స్త్రీకి గాని, ఆమె పేర్కొన్న వ్యక్తికి గాని ఇవ్వాలి. ఇది అడిగి తీసుకోవలసిన దయాభిక్ష కాదు, చట్టంలో వ్రాసి ఉన్నది.

మన ఉదాహరణలో ఆమె ఎడమ భుజం కింద వ్రేళ్ళ గుర్తులు కమిలి ఉన్నాయి. జీపులో ఎక్కించేటప్పుడు ఎవరో పట్టి లాగారు. కమిలిన గాయం రంగును బట్టి వయస్సు చెప్పడం మన వైద్యవిద్యార్థులందరూ చదివే పాఠమే. హైదరాబాదు ఉస్మానియా వైద్యకళాశాలలో ఆచార్యుడుగా పనిచేసిన కె.ఎస్. నారాయణ రెడ్డి వ్రాసిన గ్రంథం దేశమంతటా పాఠ్యపుస్తకమైంది. మొదట ఎరుపు, కొద్ది రోజులు నీలం, ఆ తరువాత ఐదారు రోజులకు ఆకుపచ్చ, ఏడెనిమిది రోజులకు పసుపు, రెండు వారాలకు మామూలు రంగు అన్నది స్థూలమైన లెక్క. అయితే దీనికి హద్దులు ఉన్నాయి. చామనచాయ ఒంటిమీద ఈ రంగులు అంత స్పష్టంగా కనబడవు. రెండు గంటల నాటి దెబ్బకు, పదిహేను గంటల నాటి దెబ్బకు తేడాను రంగు ఒక్కదానితో ఖాయంగా చెప్పగల వైద్యులు ఎవరూ లేరు. వారం నాటి దెబ్బను, నిన్నటి దెబ్బను మాత్రం వేరు చేయవచ్చు. కాబట్టి మన ఉదాహరణలో గాయం రంగు ఒక్కటే కేసును గెలిపించదు.

గెలిపించేది వైద్యురాలు అడిగే ఒక చిన్న ప్రశ్న. "ఎప్పుడు తగిలిందమ్మా ఇది?" అని అడిగి, "నిన్న మగ్రిబ్ అజా అయిన కాసేపటికి, జీపు ఎక్కించేటప్పుడు" అని ఆమె చెప్పిన మాటను నివేదికలో యథాతథంగా వ్రాస్తే చాలు. మగ్రిబ్ నమాజు వేళ సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. గడియారం చూడని స్త్రీ కూడ ఆ వేళను ఇంత ఖచ్చితంగా చెప్పగలదు. ఆ మాట మేజిస్ట్రేటు వద్దకు చేరకముందే, ప్రభుత్వ ఆసుపత్రి రిజిస్టరులో, ప్రభుత్వ వైద్యురాలి చేతివ్రాతతో నమోదైపోతుంది.

ఇది సక్రమంగా జరగని తీరు కూడ చెప్పాలి. కాజువాలిటీలో రద్దీ. పోలీసువారు ఫారం తెచ్చి బల్ల మీద పెడతారు. వైద్యుడు తల ఎత్తకుండా "పైకి కనిపించే గాయాలు లేవు" అని వ్రాసి ముద్ర వేస్తాడు. మహిళా వైద్యురాలు ప్రసూతి వార్డులో ఉన్నదని పిలిపించరు. కానిస్టేబులు తెర లోపలే నిలబడి ఉంటాడు, కాబట్టి ఆ స్త్రీ నోరు విప్పదు. ఇట్టి నివేదికను గుర్తుపట్టడం కష్టం కాదు. పరీక్ష మొదలైన వేళ ఉండదు. పరీక్షించినవారు పురుషుడైతే పర్యవేక్షించిన మహిళా వైద్యురాలి సంతకం ఉండదు. ఒకే రోజు ఐదుగురికి ఒకే వాక్యం, ఒకే కలంతో ఉంటుంది. అట్టి సందర్భంలో మరొకసారి పరీక్ష చేయించమని మేజిస్ట్రేటును కోరవచ్చు. కస్టడీ కొనసాగినంతకాలం ప్రతి నలభై ఎనిమిది గంటలకు ఒకసారి వైద్యపరీక్ష జరగాలని బసు తీర్పులో ఉన్నది గనుక, మొదటి అవకాశం జారిపోయినా రెండవది ఉంటుంది. కాని నీలం ఆకుపచ్చగా మారేలోపు అడగాలి.

ఇప్పుడు కుటుంబం వైపు చూద్దాం. ఆ రాత్రి భర్తకు ఏమీ తోచలేదు గాని, ఆమె తమ్ముడు ఇంటర్మీడియెటు వరకు చదివినవాడు. అతడు చేసింది ఇంతే. జీపు కదిలిన వెంటనే 112కు ఫోను చేసి, అక్కను ఫలానా ఠాణావారు తీసుకొనిపోయారని, ఎక్కడ ఉంచారో చెప్పమని అడిగాడు. అతని ఫోనులో ఆ పిలుపు వేళ ఆరూ నలభై రెండు అని నిలిచిపోయింది. తరువాత జిల్లా పోలీసు కంట్రోలు రూముకు వెళ్ళాడు. అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు అక్కడి నోటీసు బోర్డు మీద ఉంచాలి. ప్రతి ఠాణాలోను ఆ సమాచారాన్ని నిర్వహించడానికి ఏ.ఎస్.ఐ. హోదాకు తగ్గని ఒక అధికారిని నియమించాలని 37వ సెక్షను అంటున్నది. బోర్డు మీద అక్క పేరు లేదు. లేదన్న సంగతి కూడ ఒక సమాచారమే. అతడు ఆ బోర్డును ఫోటో తీసుకొన్నాడు. ఠాణా బయట తగవు పెట్టుకోలేదు. ఆ పని చేసి ఉంటే, విధులకు ఆటంకం కలిగించాడని అతని మీద కూడ ఒక కేసు తయారయ్యేది.

మరునాడు సంతకం చేయమన్నప్పుడు ఆమె చేయవలసింది కూడ ఒకటి ఉన్నది. పత్రం మీద సంతకం చేయడం నేరం ఒప్పుకోవడం కాదు, ఆ పత్రం చూశానని చెప్పడం మాత్రమే. కాబట్టి నిరాకరించి పెనుగులాడవలసిన అవసరం లేదు. సంతకం పక్కనే, వచ్చిన లిపిలో, "నిన్న సాయంత్రం తెచ్చారు" అని నాలుగు మాటలు వ్రాయవచ్చు. వ్రాయనివ్వకపోతే ఆ సంగతిని మేజిస్ట్రేటుకు చెప్పాలి. పోలీసులు ప్రశ్నించే సమయంలో, ఆసాంతం కాకపోయినా, తనకు నచ్చిన వకీలును కలుసుకొనే హక్కు కూడ ఆమెకు ఉన్నది.

నాలుగు గంటలకు న్యాయస్థానంలో జరిగినది ఇది. మేజిస్ట్రేటు ముందు రిమాండు రిపోర్టు, దానికి జతగా అరెస్టు పత్రం, వైద్యనివేదిక ఉన్నాయి. ఎప్పుడు అరెస్టు చేశారని ఆయన అడిగారు. ఆమె తెలుగులో మొదలుపెట్టి తడబడి ఉర్దూలోకి దిగింది. కోర్టు గుమాస్తాకు ఉర్దూ వచ్చు గనుక ఆమె చెప్పింది చెప్పినట్లు వ్రాసుకొన్నాడు. వకీలు మూడు విషయాలు అడిగాడు. మొదటిది ఠాణా జనరల్ డైరీ. ఇరవయ్యో తేదీ సాయంత్రం ఎస్.ఐ. ఏ పని మీద, ఏ వేళకు బయలుదేరాడో, ఎప్పుడు తిరిగి వచ్చాడో అందులో ఉండాలి. రెండవది జీపు లాగ్‌బుక్కు. ఎంత దూరం తిరిగిందో, ఎక్కడికి వెళ్ళిందో అందులో ఉంటుంది. మూడవది ఠాణాలోని సీసీ కెమెరాల చిత్రాలు. ప్రతి ఠాణాలోను కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ చిత్రాలు చెరిగిపోకముందే భద్రపరచమని వ్రాతపూర్వకంగా కోరాలి. ఈ కోరిక ఆలస్యమైతే కెమెరా ఉండీ లాభం లేదు.

అరెస్టు పత్రం మీద సాక్షి సంతకం చేసిన టీ దుకాణం యజమాని గౌరవనీయుడు కాడని ఎవరూ అనడం లేదు. అయితే అరెస్టు బస్టాండు వద్ద జరిగిందన్నారు, అతని దుకాణం ఠాణా ఎదుట ఉన్నది. ఏడూ పదికి, టీలు మరిగే వేళ, దుకాణం వదిలి కిలోమీటరు దూరంలో ఉన్న బస్టాండులో ఎందుకున్నాడని అడిగితే అతడేమి చెబుతాడు?

ఇవన్నీ తేలినంత మాత్రాన చీటీ కేసు కొట్టివేయబడుతుందని ఆశించరాదు. అరెస్టు చట్టవిరుద్ధమైనా నేరారోపణ మిగిలే ఉంటుంది. ఫిర్యాదుదారుల డబ్బు సంగతి వేరే విచారణలో తేలుతుంది. చట్టవిరుద్ధమైన అరెస్టుకు ఫలితం వేరు. రిమాండుకు అప్పగించడానికి మేజిస్ట్రేటు నిరాకరించవచ్చు, లేదా జామీను మీద విడుదల చేయవచ్చు. బసు తీర్పులోని నియమాలు పాటించని అధికారి శాఖాపరమైన చర్యకే కాక, కోర్టు ధిక్కార నేరానికి కూడ గురి కావచ్చు. హైకోర్టుకు వెళితే నష్టపరిహారం లభించవచ్చు.

మన మేజిస్ట్రేటు ఆ రోజు ఆమెను స్వంత పూచీకత్తు మీద విడుదల చేసి, జనరల్ డైరీని, లాగ్‌బుక్కును మరునాడు ఉదయం పదిన్నరకు తన ముందు ఉంచమని ఉత్తర్వు వ్రాశారు. ఉత్తర్వు కింద సంతకం చేసి, దాని పక్కన తేదీతో పాటు వేళ కూడ వేశారు. అప్పటికి సాయంత్రం నాలుగూ యాభై.